తేల్చుకున్నాకే రాయాలి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు పాత విద్యార్థులం ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నాం. హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామని ఒకరన్నారు. మెస్ కబుర్లు, ట్రంకు పెట్టెల కథలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి కదా అని ఇంకొకరన్నారు. చివరికి, ఈ రెండేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు ఉప్పల్, నాచారం హాస్టళ్ళ డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలతో కూర్చుని వ్యాసాలు రాయిస్తున్నప్పుడు మాకు అర్థమైన ఒక్క సంగతిని వాదనగా మీ ముందు పెడదామని నిర్ణయించుకున్నాం. ఆ సంగతి ఇది: ఇంగ్లీషు వ్యాసంలో మన పిల్లలకు మార్కులు పోవడానికి సగం కారణం ఇంగ్లీషు కాదు, ఏ పక్షమో తేల్చుకోకుండానే కలం పట్టడం.

మేము మాట్లాడేది ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోని రెండో వ్యాసం గురించి. విదేశాల్లో ఎమ్మెస్ చదవాలనుకున్న మన పిల్లలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద సాయం కావాలంటే ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలో స్కోరు చూపించాలి. విశ్వవిద్యాలయాలు ఎలాగూ అడుగుతాయి. చాలాచోట్ల మొత్తం మీద 6.5 ఉండాలి, ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు అంటారు. వినడం, చదవడం, మాట్లాడటంలో గట్టెక్కి, రాతలో 5.5 దగ్గర ఆగిపోయినవారు మాలోనే ఉన్నారు. పరీక్ష ఫీజు వేల రూపాయల్లో ఉంటుంది. ఆ డబ్బు మన ఇళ్ళలో ఎన్ని నెలల కూలీయో మీకు మేము చెప్పనక్కరలేదు. అందుకే ఇది సరదాకు రాస్తున్న వ్యాసం కాదు.

ముందు పరీక్ష తీరు తెలియనివారి కోసం రెండు మాటలు. రాత పరీక్ష మొత్తం 60 నిమిషాలు. అందులో రెండు పనులుంటాయి. మొదటిది గ్రాఫునో పట్టికనో వివరించడం, కనీసం 150 పదాలు, దానికి 20 నిమిషాలు తీసుకోమంటారు. రెండోది వ్యాసం, కనీసం 250 పదాలు, దానికి 40 నిమిషాలు. రెండోదాని విలువ మొదటిదానికి రెట్టింపు. వ్యాసాన్ని నాలుగు కొలతలతో దిద్దుతారు: అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన ఒక వరుసలో నడిచిందా, పదసంపద ఎలా ఉంది, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగింటికీ సమానమైన విలువ. పదాలు, వ్యాకరణం ఒక్క సాయంత్రంలో రావు. కాని మొదటి రెండు కొలతలు మాత్రం కాగితం మీద మొదటి ఎనిమిది నిమిషాల్లో మనం ఏం చేశామన్నదాని మీద చాలావరకు ఆధారపడి ఉంటాయి. మా వాదన అంతా ఆ ఎనిమిది నిమిషాల గురించే.

ఒక తమ్ముడి వ్యాసం

నిరుడు ఒక ఆదివారం హాస్టల్ భోజనాల హాల్లో గడియారం పెట్టి వ్యాసం రాయించాం. ప్రశ్న మేమే తయారుచేశాం. పరీక్షలో అది ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ తెలుగులో చెబుతున్నాం: "నగరాల్లో ట్రాఫిక్ తగ్గాలంటే ప్రభుత్వాలు రోడ్లు వెడల్పు చేయడం కన్నా బస్సులు, రైళ్ళ మీద ఎక్కువ డబ్బు ఖర్చు పెట్టాలని కొందరు అంటారు. దీనితో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?"

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే ఒక తమ్ముడు గంట కొట్టగానే రాయడం మొదలుపెట్టాడు. అందరికన్నా ముందు ముగించాడు. మూడు వందల పదాలు దాటాయి, తప్పులూ పెద్దగా లేవు. మొదటి పేరాలో "నేను ఏకీభవిస్తాను" అని రాశాడు. రెండో పేరాలో మెట్రో వల్ల లాభాలు రాశాడు. మూడో పేరాలో వెడల్పయిన రోడ్ల వల్ల లాభాలు, అంబులెన్సులు తొందరగా వెళ్తాయని, సరుకుల లారీలకు వీలని రాశాడు. నాలుగో పేరాలో "రెండూ దేశాభివృద్ధికి అవసరమే కనుక ప్రభుత్వం రెండింటినీ అభివృద్ధి చేయాలి" అని ముగించాడు.

ఆ కాగితాన్ని పేరు మడిచి పక్క బల్ల మీది చెల్లెలికి ఇచ్చి, ఇది రాసినవాళ్ళ అభిప్రాయం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమన్నాం. రెండుసార్లు చదివి, "ఏమో అన్నా, రెండూ కావాలంటున్నారు" అంది. ప్రశ్న అడిగింది అది కాదు. రెండింటిలో దేనికి ఎక్కువ పెట్టాలని అడిగింది. మూడు వందల పదాలు రాసి కూడా ఆ తమ్ముడు ప్రశ్నకు జవాబు చెప్పలేదు. పైగా మొదటి పేరాలో చెప్పిన మాటను నాలుగో పేరాలో తానే వెనక్కి తీసుకున్నాడు.

తప్పు అతనిదని మేము అనుకోవడం లేదు. ఆరో తరగతి నుంచి మనకు వ్యాసం అంటే ప్రస్తావన, లాభాలు, నష్టాలు, ముగింపు అని నేర్పారు. సెల్‌ఫోన్ గురించైనా, సినిమాల గురించైనా అదే చట్రం. లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి, మంచిని తీసుకుని చెడును వదిలేయాలి అని ముగిస్తే పది మార్కులకు ఏడు వచ్చేవి. ఆ వ్యాసం విషయాన్ని వివరించమంటుంది. ఈ వ్యాసం పక్షం చెప్పమంటుంది. రెండూ వేర్వేరు పనులు. పదేళ్ళ అలవాటు, పైగా గడియారం తరుముతూ ఉంటే, చెయ్యి దానంతటదే పాత చట్రంలోకి వెళ్ళిపోతుంది. అందుకే చెయ్యి కదలకముందే తేల్చుకోవాలంటున్నాం.

ఎనిమిది నిమిషాలు ఎలా

మొదటి రెండు నిమిషాలు ప్రశ్న చదవడానికి. మూడు చోట్ల గీత గీయాలి. విషయం ఏమిటి: నగరాల్లో ట్రాఫిక్. వాదన ఎక్కడుంది: "కన్నా ఎక్కువ" అన్న మాటలో. మనల్ని చేయమన్న పని ఏమిటి: ఎంతవరకు ఏకీభవిస్తారో చెప్పమన్నారు. చాలామంది విషయం కింద గీత గీసి ఆగిపోతారు. బస్సులు, రైళ్ళు అన్న మాటలు చూసి వాటి గురించి తమకు తెలిసిందంతా రాస్తారు. ఈ ప్రశ్న ప్రాణం "కన్నా" అన్న చిన్న మాటలో ఉంది. దానిమీద గీత పడకపోతే పోలిక పోతుంది, పోలిక పోతే జవాబు పోతుంది.

తర్వాతి రెండు నిమిషాలు పక్షం తేల్చుకోవడానికి. ఇక్కడ ఒక భయం పోవాలి. దిద్దేవారు మన అభిప్రాయానికి మార్కులు వేయరు. రోడ్లే వెడల్పు చేయాలని రాసినా, బస్సులే కావాలని రాసినా వారికి ఒకటే. వారు చూసేది ఆ అభిప్రాయం మొదటి నుంచి చివరిదాకా నిలబడిందా అని. కాబట్టి మనసుకు నచ్చిన పక్షం కాదు, మన దగ్గర సరుకున్న పక్షం ఎంచుకోవాలి. అటు ఒక కారణం, ఇటు ఒక కారణం రాసి, దేనికి కళ్ళారా చూసిన ఉదాహరణ ఉందో అటే వెళ్ళాలి.

ఇంకో మాట. స్పష్టమైన పక్షం అంటే మొండి పక్షం కాదు. "ఎంతవరకు" అని అడిగారు కనుక "చాలావరకు ఏకీభవిస్తాను, అయితే ఇంతవరకే" అనవచ్చు. కాని ఆ "ఇంతవరకే" ఎక్కడో గీత గీసి చూపించాలి. గీత చూపితే అది అభిప్రాయం. గీత లేకుండా "రెండూ మంచివే" అంటే అది రెండు పడవల మీద కాళ్ళు.

పక్షం తేలిందా లేదా అని తెలుసుకోవడానికి ఒక్కటే పరీక్ష: "ఎందుకంటే" అన్న మాటతో ఒక వాక్యం పూర్తి చేయగలగాలి. ఆ తమ్ముడి చేత రెండోసారి రాయించినప్పుడు అతను చిత్తుకాగితం మీద రాసుకున్న వాక్యం ఇది: "బస్సులు, రైళ్ళకే ఎక్కువ పెట్టాలి, ఎందుకంటే అంతే జాగాలో ఎక్కువమందిని తీసుకెళ్తాయి, బండి కొనలేనివాళ్ళకూ పనికొస్తాయి, బస్సులు నడిచే రోడ్ల మరమ్మతు మాత్రం ఆపకూడదు." చూడండి, ఇందులో పక్షం ఉంది, రెండు కారణాలున్నాయి, హద్దు ఉంది. వ్యాసం అంతా ఈ ఒక్క వాక్యంలోనే ఉంది. మిగిలింది దాన్ని విప్పడమే.

ఈ వాక్యాన్ని అతను తెలుగులోనే రాసుకున్నాడు. కొందరు లెక్చరర్లు ఆలోచన కూడా ఇంగ్లీషులోనే సాగాలంటారు. మేము ఒప్పుకోం. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లవాడు గడియారం ముందు ఇంగ్లీషులో ఆలోచించబోతే, తనకు తెలిసిన ఇంగ్లీషు ఎంతో ఆలోచన కూడా అంతకే కుంచించుకుపోతుంది. తేల్చుకునేది తల్లిభాషలో తేల్చుకోండి. అయితే తర్వాతి నాలుగు గడుల్లో మాత్రం ఇంగ్లీషు మాటలే పెట్టుకోండి. తెలుగు వాక్యాలు రాసుకుని ఒక్కొక్కటే అనువాదం చేయబోతే సమయమూ పోతుంది, వాక్యమూ వంకర పోతుంది.

నాలుగు గడులు

చివరి నాలుగు నిమిషాలు గడులకు. చిత్తుకాగితాన్ని నాలుగుగా మడిస్తే నాలుగు పేరాలు. కంప్యూటర్ మీద రాసేవారికి కూడా చిత్తుకు కాగితం, పెన్సిల్ ఇస్తారు, కాబట్టి ఈ పని ఎవరైనా చేయవచ్చు.

మొదటి గడి ప్రవేశిక, సుమారు 45 పదాలు. ఇందులో రెండే రెండు వాక్యాలు. ఒకటి, ప్రశ్నలోని విషయాన్ని మన మాటల్లో చెప్పడం. రెండు, మన పక్షం. "ఈ ఆధునిక యుగంలో" అని మొదలుపెట్టే బట్టీ వాక్యాలు ఇక్కడ చేరకూడదు. అవి ఏ వ్యాసానికైనా సరిపోతాయి, అందుకే ఏ వ్యాసానికీ పనికిరావు. బట్టీ పట్టిన వాక్యాలను దిద్దేవారు ఇట్టే గుర్తుపడతారు కూడా.

రెండో గడి మొదటి కారణం, సుమారు 90 పదాలు. ఇందులో మూడు మెట్లుండాలి: కారణం, అది ఎలా పనిచేస్తుంది, ఉదాహరణ. తమ్ముడి గడిలో మొదటి మెట్టు, అంతే రోడ్డు మీద బస్సు ఎక్కువమందిని తీసుకెళ్తుందని. రెండో మెట్టు, యాభై మంది ఎక్కిన బస్సుకు రోడ్డు మీద పట్టే చోటు రెండు మూడు కార్లది, ఆ కార్లలో కూర్చునేది నలుగురైదుగురే. పైగా రోడ్డు వెడల్పయితే మరికొందరు బండ్లు బయటికి తీస్తారు, కొన్నాళ్ళకు అదీ నిండుతుంది. మూడో మెట్టు, మన ఉప్పల్. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పటి నుంచి ఉప్పల్ స్టేషన్‌లో ఎక్కినవాళ్ళు కింది ట్రాఫిక్‌తో పని లేకుండా అమీర్‌పేట చేరుతున్నారు. అదే ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వరంగల్ రోడ్డు మీద 2018లో మొదలైన ఎత్తైన రోడ్డు పనులు ఏళ్ళ తరబడి సాగి, ఆ దుమ్ములో, గుంతల్లో జనం ఎంత పడ్డారో ఆ దారిన కాలేజీకి పోయిన ప్రతివారికీ తెలుసు. "హైదరాబాదు తూర్పు అంచున మేముండే ఉప్పల్‌లో" అని ఒక్క ముక్క చేరిస్తే ఎక్కడో కూర్చుని దిద్దేవారికి కూడా అర్థమవుతుంది.

మన పిల్లలు ఇక్కడే వెనకాడతారు. ఉదాహరణ అంటే లండన్, టోక్యో, ఏదో విశ్వవిద్యాలయం వారి సర్వే అనుకుంటారు. లేని సర్వేను అంకెలతో సహా కల్పించినవారినీ చూశాం. ప్రశ్నపత్రం మీదే, మీకు తెలిసినదాని నుంచి, మీ అనుభవం నుంచి ఉదాహరణలు ఇవ్వమని ఉంటుంది. మన బతుకు ఉదాహరణగా పనికిరాదని ఎవరు చెప్పారు?

మూడో గడి రెండో కారణం, సుమారు 95 పదాలు. ఇది మొదటి కారణానికే వేరే చొక్కా తొడిగినట్టు ఉండకూడదు. "బస్సు ఎక్కువమందిని తీసుకెళ్తుంది" ఒక కారణం, "బస్సు వల్ల రద్దీ తగ్గుతుంది" రెండో కారణం అని రాస్తే రెండూ ఒకటే. తెలుసుకునే తీరు ఇది: రెండింటికీ "ఎందుకు" అని అడగండి. జవాబు ఒకటే వస్తే కారణమూ ఒకటే. ప్రభుత్వ ఖర్చు గురించిన ప్రశ్నల్లో మాకు పనికొచ్చిన ఉపాయం, ఒక పేరాలో "ఇది పని చేస్తుందా" అని, ఇంకో పేరాలో "ఇది ఎవరికి అందుతుంది" అని అడగడం. తమ్ముడు రెండో ప్రశ్న వేసుకున్నాడు. రోడ్డు వెడల్పయితే లాభం బండి ఉన్నవారికి. బస్సు వస్తే లాభం బండి లేనివారికి కూడా. ఉదాహరణకు ఎక్కడికో పోనక్కరలేకపోయింది. వాళ్ళమ్మ నాచారం పారిశ్రామికవాడలో ప్యాకింగ్ పనికి పోతుంది. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అంతకుముందు షేర్ ఆటోకు పోసిన డబ్బు ఇప్పుడు ఇంట్లో మిగులుతోంది. నాలుగు లేన్ల రోడ్డు ఆరు లేన్లయితే ఆమెకు మిగిలేది ఏమిటని అడిగాడు. అది చదివినప్పుడు హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

హద్దు మాట కూడా ఈ పేరా చివరే వచ్చింది: బస్సు కూడా రోడ్డు మీదే నడవాలి కనుక గుంతలు పూడ్చే ఖర్చు, బస్టాపుల ఖర్చు తగ్గించకూడదు, తగ్గించాల్సింది వెడల్పు చేసే ఖర్చునే అని. ఒక్క వాక్యం. మొదటిసారి ఎదుటి పక్షానికి ఒక పేరా అంతా ఇచ్చేసి తన పక్షాన్ని పోగొట్టుకున్నాడు. ఈసారి ఒక్క వాక్యం ఇచ్చి, దాన్ని కూడా తన వైపే తిప్పుకున్నాడు.

నాలుగో గడి ముగింపు, సుమారు 35 పదాలు. మొదటి పేరాలోని పక్షమే, వేరే మాటల్లో. కొత్త కారణం రాకూడదు, కొత్త సలహా రాకూడదు. మొత్తం కలిపితే 265 పదాలు. రెండోసారి ఆ తమ్ముడు రాసింది 268. మొదటిదానికన్నా చిన్నది. చదివిన చెల్లెలు ఈసారి వెంటనే చెప్పింది: "బస్సులకే పెట్టమంటున్నాడు."

మాతో ఒప్పుకోనివారికి

ఎనిమిది నిమిషాలు రాయకుండా కూర్చుంటే రాసే సమయం ఎక్కడిదని చాలామంది అడిగారు. లెక్క చూడండి. 40లో 8 పోతే 32. చివర 5 నిమిషాలు తప్పులు చూసుకోవడానికి తీసేస్తే 27. 265 పదాలను 27 నిమిషాల్లో రాయాలంటే నిమిషానికి పది పదాలు. ఏం రాయాలో తెలిసినవారికి అది నడక వేగమే. ఏం రాయాలో తెలియనివారే మధ్యలో ఆగుతారు, కొట్టేస్తారు, పేరా మళ్ళీ మొదలుపెడతారు. మేము గడియారం పట్టుకుని చూశాం: ముందు కూర్చోనివారు ఎక్కువగా ఆగేది మూడో పేరా మొదట్లో. కారణం సులువే. వారి దగ్గర ఉన్న ఒక్క కారణం రెండో పేరాలోనే అయిపోయింది.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. దాన్ని దాచము. ఒక చెల్లెలు మా మాట విని పదిహేను నిమిషాలు గడులు నింపింది. అందమైన ప్రణాళిక. 210 పదాల దగ్గర సమయం అయిపోయింది, ముగింపు లేదు. అందుకే ఎనిమిదో నిమిషం గోడ లాంటిది. ఆ సమయానికి మూడో గడిలో ఒక్క మాటే ఉన్నా సరే, రాయడం మొదలుపెట్టాల్సిందే. అలాగే 33వ నిమిషానికి ఎక్కడున్నా సరే, ఉన్న వాక్యం పూర్తి చేసి ముగింపులోకి వెళ్ళాలి. ముగింపు లేని మంచి పేరా కన్నా, కాస్త పొట్టి పేరా, రెండు వాక్యాల ముగింపు మేలు. కంప్యూటర్ మీద పదాల లెక్క కనిపిస్తూనే ఉంటుంది. కాగితం మీద రాసేవారు తమ దస్తూరీలో ఒక వరుసకు ఎన్ని పదాలు పడతాయో ముందే లెక్కపెట్టి ఉంచుకోవాలి.

నాలుగు పేరాలు చాలవు, అయిదు రాయాలని కొన్ని కోచింగ్ సెంటర్లలో చెబుతారు. మూడు గట్టి కారణాలుంటే రాయండి, ఎవరూ వద్దనరు. కాని 27 నిమిషాల్లో మూడు కారణాలకు మూడేసి మెట్లు కట్టగలిగినవారిని మేము చాలా తక్కువమందిని చూశాం. మూడో కారణం సాధారణంగా ఒంటి వాక్యంగా మిగిలిపోతుంది. రెండు గట్టివి మూడు బలహీనమైనవాటి కన్నా మేలన్నదే మా పక్షం.

ఈ పద్ధతి అన్ని ప్రశ్నలకూ పనికిరాదని కూడా చెప్పాలి. "రెండు అభిప్రాయాలనూ చర్చించి మీ అభిప్రాయం చెప్పండి" అంటే ఎదుటి పక్షానికి ఒక పేరా అంతా ఇవ్వాల్సిందే, ఒక్క వాక్యంతో సరిపెడితే మార్కులు పోతాయి. "కారణాలేమిటి, పరిష్కారాలేమిటి" అంటే ఒక పేరా కారణాలకు, ఒకటి పరిష్కారాలకు. గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే సంగతి ఇంకా వేరు. అక్కడ మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కొక్కటి వెయ్యి పదాలు, 50 మార్కులు. నాలుగు పేరాల్లో అది ఇమడదు, అక్కడ అన్ని కోణాలూ చూపించాలి. ఆ ఒక్క "ఎందుకంటే" వాక్యం మాత్రం అక్కడా అక్కరకొస్తుంది. గీత గీసే రెండు నిమిషాలు ఏ ప్రశ్నకైనా తప్పవు, ఎందుకంటే ఏ రకం ప్రశ్నో తెలిసేది అక్కడే.

ఇక వ్యాకరణం, పదాలు. అవి రోజూ చేసే పని. ఎనిమిది నిమిషాల కూర్చోవడం వాటిని బాగుచేయదు. ఆ తమ్ముడి రెండో వ్యాసంలోనూ ఆర్టికల్స్ తప్పులు అలాగే ఉన్నాయి. ఆఖరి అయిదు నిమిషాల్లో కొన్ని దిద్దుకున్నాడు, కొన్ని మిగిలాయి.

ఇంట్లో చూసుకునే పరీక్ష

దిద్దేవారు దొరకని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక ఉపాయం చెప్పి ముగిస్తాం. వ్యాసం రాశాక మధ్య రెండు పేరాల మీద నోటుబుక్కు కప్పండి. మొదటి పేరా, చివరి పేరా మాత్రం చదవండి. రెండూ ఒకే మాట చెబుతున్నాయా? తర్వాత నోటుబుక్కు తీసేసి ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రం చదవండి. ఆ నాలుగు వాక్యాలు వరుసగా చదివితే మీ వాదన అర్థమవుతోందా? మీ గదిలో ఒకరి చేత చదివించి, నా అభిప్రాయం ఏమిటో చెప్పమని అడగండి. వారు "రెండూ అంటున్నావు" అంటే వ్యాసాన్ని దిద్దకండి. చిత్తుకాగితం దగ్గరికి వెళ్ళి ఆ "ఎందుకంటే" వాక్యం మళ్ళీ రాయండి. జబ్బు అక్కడుంది.

మన హాస్టల్లో పెరిగినవారికి అభిప్రాయాలు లేకపోవడం అనేది లేదు. అన్నం ఉడకలేదని, బస్‌పాస్ రాలేదని, స్కాలర్‌షిప్ ఆగిందని వార్డెన్ సార్ ముందు మనం ఎప్పుడూ "రెండు వైపులా నిజముంది సార్" అని మాట్లాడలేదు. ఏం కావాలో చెప్పాం, ఎందుకో చెప్పాం, నిన్న జరిగింది చూపించాం. వ్యాసంలో అడిగేది కూడా అదే. ఆదివారం సాయంత్రం ఆరింటికి భోజనాల హాల్లో ఉంటాం. కాగితం, పెన్సిల్, గడియారం తెచ్చుకోండి.

మీ అన్నలు, అక్కలు,
పూర్వ విద్యార్థులు